వెండి గిన్నె, చిరుతపులి తల, పదేళ్ళ శిష్యరికం: మధ్యయుగాల కంసాలి సంఘాలు ఎలా నడిచాయి

(ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి టైపు చేసినది. రాలేకపోయినవాళ్ళ కోసం.)

అందరికీ నమస్కారం. మధ్యయుగాల యూరప్‌లోని వృత్తి సంఘాల గురించి, అంటే గిల్డుల గురించి మాట్లాడమన్నారు. గిల్డులంటే వందల రకాలు. రొట్టెలు చేసేవాళ్ళకి ఒకటి, చెప్పులు కుట్టేవాళ్ళకి ఒకటి, నేతగాళ్ళకి, కమ్మర్లకి, అద్దకం వాళ్ళకి, ఎవరిది వాళ్ళకే. అన్నిటి గురించీ కాస్త కాస్త చెబితే ఏదీ అర్థం కాదు. అందుకని నేను ఒక్క వృత్తినే పట్టుకుంటాను. బంగారం, వెండి పని. ఊరు లండన్. మధ్యలో రెండు మూడు సార్లు పారిస్ వెళ్ళొస్తాం, ఎందుకంటే పారిస్ కంసాలుల నియమాల పుస్తకంలో ఒకటి రెండు వాక్యాలు మొత్తం గుట్టు విప్పేస్తాయి. అవి చూసే దాకా ఆగండి.

కంసాలి పనే ఎందుకు? ఎందుకంటే మిగతా వస్తువుల్లో మోసం కంటికి కనిపిస్తుంది, లేదా నాలుగు రోజుల్లో బయటపడుతుంది. రొట్టె మాడితే తెలుస్తుంది. చెప్పు కుట్టు ఊడితే తెలుస్తుంది. వెండి గిన్నెలో రాగి ఎక్కువ కలిపితే ఎలా తెలుస్తుంది? తెలియదు. మెరుగు పెట్టిన కొత్త గిన్నె అయితే మీకూ తెలియదు, నాకూ తెలియదు. చేసినవాడికొక్కడికే తెలుసు. కొనేవాడికి తెలియదు, అమ్మేవాడికి తెలుసు, ఈ తేడా మీదే కదా మోసమంతా నడిచేది. అందుకని నాణ్యత మీద అదుపు అనే మాటకి నిజంగా పరీక్ష జరిగే చోటు ఇదే.

ముందు వెండి లెక్క చెబుతాను, ఒక్క నిమిషం ఓపిక పట్టండి. స్వచ్ఛమైన వెండి మెత్తన. దానితో గిన్నె చేస్తే సొట్టలు పడుతుంది. కొంచెం రాగి కలపాలి, గట్టిపడుతుంది. ఎంత కలపాలి? 1300వ సంవత్సరంలో మొదటి ఎడ్వర్డ్ రాజు చట్టం చేశాడు. రాజు నాణేల్లో ఎంత వెండి ఉందో గిన్నెల్లోనూ అంత ఉండాలి, అంతకంటే తక్కువ ఉండకూడదు. అదే స్టెర్లింగ్. వెయ్యి పాళ్ళలో 925 వెండి. మన వెండి షాపుల్లో ఇప్పటికీ 925 అని చూస్తుంటారు కదా, అదే ఇది, ఏడొందల ఏళ్ళ నాటిది. అప్పట్లో వెయ్యి పాళ్ళ లెక్క లేదు. పెన్నీ అంటే వాళ్ళ వెండి నాణెం. ఒక పౌండు తూకాన్ని 240 పెన్నీ తూకాలుగా విడగొట్టేవాళ్ళు, అందులో 222 వెండి, 18 రాగి. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో వాడుకుందాం.

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. తయారైన వెండి పాత్రని సంఘం పెద్దలు పరీక్షించి, దాని మీద చిరుతపులి తల ముద్ర కొట్టే దాకా పనివాడి చేతుల్లోంచి బయటికి పోకూడదు. సంఘం పెద్దలంటే వార్డెన్లు. వాళ్ళు షాపు షాపుకీ తిరిగి చూడాలి. బంగారం అయితే పారిస్ గీటుకి తక్కువ ఉండకూడదు, అంటే ఇప్పటి లెక్కలో 19 క్యారెట్ల పైచిలుకు, సుమారు నూటికి ఎనభై పాళ్ళు. ఇందులో ఒక ముచ్చట ఉంది చూడండి. లండన్ వాళ్ళు బంగారానికి పారిస్ గీటుని ప్రమాణంగా పెట్టుకుంటే, పారిస్ వాళ్ళు వెండికి ఇంగ్లండు స్టెర్లింగ్‌ని పెట్టుకున్నారు. ఒకరి మంచి సరుకు ఇంకొకరికి కొలబద్ద. అంటే ఇది ఒక్క ఊరి సంఘం సొంతంగా పెట్టుకున్న నియమం కాదు. ఊళ్ళు దాటి తిరిగే వ్యాపారులకి రెండు చోట్లా పనికొచ్చే కొలత.

సరే, వార్డెన్లు పరీక్షించేవాళ్ళన్నాం. ఎలా? మీలో కంసాలి పని తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారని చూస్తేనే తెలుస్తోంది, గీటురాయి అనగానే తల ఊపుతారు. అవును, బంగారానికి గీటురాయే. నల్లరాయి మీద వస్తువుని ఒక గీత గీయాలి. పక్కనే వన్నె తెలిసిన బంగారపు సూదితో ఇంకో గీత గీయాలి. రెండు రంగుల్నీ పోల్చి చూడాలి. అలవాటైన కన్నుకి చాలావరకు తెలిసిపోతుంది. వెండికి మాత్రం గీటురాయి అంతగా పనిచేయదు, రంగులో తేడా దొరకదు. వెండిని నిప్పులో పెట్టాల్సిందే. పుటం పెట్టడం.

వాళ్ళు చేసే పద్ధతి ఇది. గిన్నె మీంచి కొంచెం వెండి గీకి తీస్తారు. ఎక్కడి నుంచి? ఇక్కడే అనుభవం కావాలి. ఒక్క చోట గీకితే చాలదు. గిన్నె ఒంటి నుంచి గీకాలి, కాడ నుంచి గీకాలి, పీఠం నుంచి గీకాలి, మూత ఉంటే మూత నుంచీ గీకాలి. ఎందుకంటే కొందరు ఒంటిని మంచి వెండితో చేసి, కాడని నాసిరకంతో చేస్తారు. ఇంకా పెద్ద చిక్కు టంకం. టంకం, గిన్నె కంటే ముందే కరగాలి కదా, లేకపోతే అతుకు వేసేటప్పుడు గిన్నే కరిగిపోతుంది. కాబట్టి టంకంలో వెండి తక్కువే ఉంటుంది, అది తప్పు కాదు, అది పని లక్షణం. కానీ అవసరానికి మించి టంకం పోసేస్తే? బరువు పెరుగుతుంది, కొనేవాడు ఆ బరువుకంతా వెండి ధర కడతాడు. నాసిరకం సరుకు అమ్మడానికి ఇది చాలా తేలికైన దారి, ఎందుకంటే అడిగితే "అతుకు గట్టిగా ఉండాలని వేశానండీ" అని చెప్పొచ్చు. అతుకు ఎంత లావుగా ఉందో చూసి, ఇది పనికోసం వేసిందా బరువు కోసం వేసిందా అని తేల్చగలిగినవాడే వార్డెన్. ఈ పని గుమాస్తా చేయలేడు, కంసాలే చేయగలడు. సంఘం చేతికి తనిఖీ ఇవ్వడానికి అసలు కారణం ఇదే అని నా అభిప్రాయం.

గీకిన వెండిని తూచి, సీసం రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో పెట్టి కొలిమిలోకి పంపుతారు. సీసం కరుగుతుంది, గాలి తగిలి సీసం మారిపోతూ రాగిని తనతో పాటు పట్టుకుపోతుంది, ఆ రెండిటినీ బూడిద మూస పీల్చేసుకుంటుంది. వెండి ఒక్కటీ మిగులుతుంది, చిన్న పూసలాగా. చివరి చెత్త కూడా పోయిన క్షణంలో ఆ పూస ఒక్కసారి తళుక్కుమంటుంది. దాన్ని తీసి మళ్ళీ తూచాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం, ఒక గిన్నె అనుకుందాం. గీకి తీసింది 12 గ్రెయిన్లు, గ్రెయిన్ అంటే అప్పటి చిన్న తూకం. మంచి స్టెర్లింగ్ అయితే మిగలాల్సిన పూస 11.1 గ్రెయిన్లు. మిగిలింది 10.8 అనుకోండి. తేడా ఎంత? ముచ్చటగా 0.3 గ్రెయిన్లు, కంటికి ఆననంత. కానీ దాన్ని పౌండుకి పెంచి చూడండి. 222 పెన్నీ తూకాల వెండి ఉండాల్సిన చోట 216 మాత్రమే ఉంది. పౌండుకి ఆరు పెన్నీల వెండి ఎగ్గొట్టాడు. రెండు పౌండ్ల గిన్నె అయితే పన్నెండు పెన్నీలు. ఆ రోజుల్లో లండన్‌లో నైపుణ్యం ఉన్న పనివాడి రోజు కూలీ సుమారు నాలుగైదు పెన్నీలు. అంటే ఒక్క గిన్నెలో రెండు మూడు రోజుల కూలీ, ఏ పనీ చేయకుండా, రాగి కలిపినందుకు వచ్చేస్తుంది. ఆశ పుట్టదా మరి? పుడుతుంది. పుట్టింది కూడా. సంఘం రికార్డులు 1334 నుంచి ఉన్నాయి, వాటి నిండా జరిమానాలే. పట్టుబడిన వస్తువుని విరగ్గొట్టేవాళ్ళు. విరగ్గొట్టడమంటే వెండి పోదు, కరిగించుకోవచ్చు, కానీ మజూరీ మొత్తం పోయినట్టే. వారాల పని ఒక్క సుత్తి దెబ్బతో పోతుంది. జరిమానా కంటే అదే ఎక్కువ బాధ పెట్టి ఉంటుంది.

మోసాలు ఎన్ని రకాలుగా ఉండేవో 1327లో మూడో ఎడ్వర్డ్ ఇచ్చిన సంఘం పత్రంలోనే రాసి ఉంది. కత్తులు చేసేవాళ్ళు తగరం మీద వెండి పూత వేసి అసలు వెండని అమ్ముతున్నారట, ఎంత నేర్పుగా అంటే రెంటినీ విడదీయడం కూడా సాధ్యం కావట్లేదట. కొందరు రంగుల గాజుని రత్నాలని చెప్పి అమ్ముతున్నారట. కొందరు కంసాలులు సందుగొందుల్లో షాపులు పెట్టుకుని, దొంగలు తెచ్చిన వెండి సామాన్లు అడక్కుండా కొనేసి వెంటనే కరిగించేస్తున్నారట. దానికి ఏం చేశారు? కంసాలులంతా చీప్‌సైడ్‌లో, నలుగురూ నడిచే పెద్ద వీధిలో కూర్చోవాలన్నారు. వీధికి తెరిచిన షాపులో, పగటి వెలుతురులో, పక్క షాపువాడు చూస్తుండగా పని చేయాలి. ఇది చాలా చవకైన తనిఖీ, ఆలోచించండి. వార్డెన్ రోజూ రానక్కర్లేదు, పక్కవాడే వార్డెన్.

పారిస్‌లోనూ ఇలాంటిదే, రాత్రిపూట పని చేయకూడదు. దీపం వెలుతురులో పని బాగా రాదు, పైగా రాత్రి ఎవరు ఏం కలుపుతున్నారో ఎవరు చూస్తారు? కానీ రాజు, రాణి, వాళ్ళ పిల్లలు, రాజు తమ్ముళ్ళు, పారిస్ బిషప్, వీళ్ళ పని అయితే రాత్రి కూడా చేసుకోవచ్చు. పెద్దవాళ్ళకి మినహాయింపు, అదెక్కడైనా ఉండేదే.

ఇంకొక నియమం నాకు చాలా ఇష్టం, అది చెప్పి ముందుకు వెళ్తాను. 1403లో వచ్చిన చట్టం. రాగి, ఇత్తడి వస్తువులకి బంగారు పూత, వెండి పూత వేయకూడదన్నారు. మరి చర్చిలో పెట్టే సామాన్లు? వాటికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఆ వస్తువు అడుగునో, ఇంకో చోటో కొంచెం భాగం పూత వేయకుండా వదిలేయాలి. ఎందుకు? లోపల ఉన్నది రాగి అని చూసేవాడికి కనపడాలి. చూశారా, పూతని ఆపలేదు, దాచడాన్ని ఆపారు. ఎంత చక్కటి ఆలోచన.

పిల్లవాడిని చేర్చడం

సరే, ఈ పని చేసే చేతులు ఎక్కడి నుంచి వస్తాయి? పద్నాలుగేళ్ళు అటూ ఇటూ వయసున్న పిల్లవాడిని తండ్రి తీసుకొచ్చి ఒక మాస్టర్ దగ్గర పెడతాడు. కంసాలి పనిలాంటి గొప్ప వృత్తుల్లో మాస్టర్‌కి డబ్బు కూడా కట్టాలి. ఒప్పందం రాస్తారు. ఆ కాగితం, కాగితం కాదులెండి, తోలు పత్రం, దాని మీద ఒకే మాటల్ని రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్ళలాగా వంకరటింకరగా కోస్తారు. ఒక ముక్క వీళ్ళకి, ఒక ముక్క వాళ్ళకి. రేపు గొడవ వస్తే రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టాలి, పళ్ళు సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే ఒకటి దొంగ పత్రం.

అందులో ఏముంటుంది? పిల్లవాడు మాస్టర్ రహస్యాలు బయట పెట్టకూడదు, సొత్తు పాడుచేయకూడదు, పాచికలాడకూడదు, సారా అంగళ్ళకి పోకూడదు, మాస్టర్ అనుమతి లేకుండా పెళ్ళి చేసుకోకూడదు, పారిపోకూడదు. మాస్టర్ తిండి పెట్టాలి, బట్టలివ్వాలి, చెప్పులివ్వాలి, పడుకోవడానికి చోటివ్వాలి, పని నేర్పాలి, తప్పు చేస్తే దండించాలి. జీతం ఉండదు. లండన్ ఆచారం ప్రకారం ఏడేళ్ళు కనీసం, కంసాలుల్లో పదేళ్ళు కూడా మామూలే.

అందరికీ వచ్చే సందేహమే, ఏడేళ్ళు, పదేళ్ళు నిజంగా పని నేర్చుకోవడానికే పడుతుందా? పడుతుంది, కొంతవరకు. మొదటి ఏళ్ళలో పిల్లవాడు కొలిమి ఊదుతాడు, నేల ఊడుస్తాడు, ఆ ఊడ్చిన చెత్తలో కూడా వెండి రజను ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా దాచాలి, అదీ ఒక చదువే. రేకుని సుత్తితో కొట్టి గిన్నెగా లేపడం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. కొట్టిన కొద్దీ వెండి బిరుసెక్కుతుంది, ఎప్పుడు కాల్చి మెత్తబరచాలో చేతికే తెలియాలి, ఒక్క దెబ్బ ఎక్కువైతే పగులుతుంది. పాడుచేసేది మాస్టర్ వెండి. మొదటి సగం కాలం పిల్లవాడు మాస్టర్‌కి ఖర్చు, రెండో సగంలోనే లాభం. నేర్చుకోగానే పారిపోతే మాస్టర్ మునిగినట్టే. కాబట్టి ఆ చివరి ఏళ్ళు నేర్పినందుకు గురుదక్షిణ అనుకోవచ్చు. ఇక్కడి దాకా న్యాయంగానే ఉంది.

మాస్టర్ నేర్పకపోతే? పిల్లవాడికి దిక్కెవరు? లండన్‌లో ఒక దారి ఉంది. చేరిన మొదటి ఏడాదిలోపు మాస్టర్ ఆ పిల్లవాడి పేరుని గిల్డ్‌హాల్ అనే నగర కార్యాలయంలో నగరపు అధికారి దగ్గర నమోదు చేయించాలి. చేయించకపోతే, పిల్లవాడు మేయర్ కోర్టుకెళ్ళి నన్ను విడిపించండి అని అడగొచ్చు. అలా అడిగి విడుదలైనవాళ్ళు చాలామంది. నేర్పలేదు, తిండి సరిగా పెట్టలేదు అన్న ఫిర్యాదులూ ఉండేవి కానీ వాటిని రుజువు చేయడం కష్టం. పేరు పుస్తకంలో ఉందా లేదా అన్నది మాత్రం ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అందుకే ఆ దారిన ఎక్కువమంది బయటపడ్డారు. ఇంకొంతమంది పారిపోయారు, కొంతమంది జబ్బుపడి చనిపోయారు. చేరినవాళ్ళలో చాలామంది చివరి దాకా రాలేదు. ఇది మర్చిపోవద్దు.

ఇప్పుడు పారిస్ వెళ్దాం, ఇందాక మాటిచ్చాను కదా. 1268 ప్రాంతంలో పారిస్ నగరాధికారి ఎతియెన్ బ్వాలో, ఊళ్ళోని వందదాకా వృత్తుల నియమాల్ని రాయించాడు. కంసాలుల అధ్యాయంలో రెండు నియమాలున్నాయి. మొదటిది, అప్రెంటిస్‌ని పదేళ్ళకి తక్కువ పెట్టుకోకూడదు. కానీ వెంటనే ఏమన్నారు? ఆ పిల్లవాడు ఏడాదికి వంద సూలు, అంటే అప్పటి ఫ్రెంచి డబ్బు, సంపాదించగలిగి, తన తిండి ఖర్చు తనే పెట్టుకోగలిగే స్థితికి వస్తే ముందే వెళ్ళిపోవచ్చు. అంటే ఏంటి? చురుకైనవాడికి పదేళ్ళు అక్కర్లేదని వాళ్ళకే తెలుసు. తెలిసి రాశారు.

రెండో నియమం ఇంకా ముఖ్యం. ఒక కంసాలి దగ్గర బయటి పిల్లవాడు ఒక్కడే ఉండాలి. ఒక్కడే ఎందుకు? అడిగితే, ఒక్కడైతేనే శ్రద్ధగా నేర్పగలం అంటారు. బాగుంది. మరి తర్వాతి మాట వినండి. తన బంధువుల్లోంచి, తన భార్య బంధువుల్లోంచి అయితే, దగ్గరి చుట్టమైనా దూరపు చుట్టమైనా, ఎంతమందినైనా పెట్టుకోవచ్చు. ఎంతమందినైనా! ఇప్పుడు చెప్పండి. ఒక్కడికి మించి నేర్పలేకపోతే, బావమరిది కొడుకులు నలుగురికి ఎలా నేర్పుతాడు? చుట్టరికం ఉంటే నేర్పే సమయం పెరుగుతుందా? పెరగదు కదా. కాబట్టి ఆ నియమం చదువు కోసం పెట్టింది కాదు. బయటివాళ్ళు ఎంతమంది లోపలికి రావాలి అన్నదాని కోసం పెట్టింది.

ఇదే నేను ఈరోజు చెప్పదలచుకున్నది. గిల్డు నియమం ఏదైనా కనపడితే, అది కొనేవాడి కోసమా, లోపల ఉన్నవాడి కోసమా అని అడగాలి. ఎలా కనిపెట్టాలి? మినహాయింపు చూడాలి. వెండిలో 925 పాళ్ళు ఉండాలన్న నియమానికి చుట్టాలకి మినహాయింపు లేదు. మీ తమ్ముడి కొడుకు చేసిన గిన్నె అయినా సరే అదే పుటం, అదే తూకం. అది కొనేవాడి కోసం పెట్టిన నియమం. అప్రెంటిస్ లెక్కలో చుట్టాలకి మినహాయింపు ఉంది. అది లోపలివాళ్ళ కోసం పెట్టిన నియమం. చరిత్రకారుల్లో గిల్డులు నైపుణ్యాన్ని కాపాడాయి అనేవాళ్ళున్నారు, జనాన్ని దోచాయి అనేవాళ్ళున్నారు. రెండూ ఒకే గదిలో, ఒకే నలుగురు పెద్దల చేతుల మీదుగా జరిగాయి అని నేనంటాను. ఏ నియమం ఏ పని చేసిందో విడివిడిగా చూడాలి తప్ప సంఘం మొత్తానికి ఒకే మార్కు వేయకూడదు.

తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారు

సభ్యత్వం సంగతి. పారిస్ పుస్తకం మొదట్లో ఎంత ఉదారంగా మొదలవుతుందంటే, కావాలనుకున్నవాడు, పని తెలిసినవాడు ఎవరైనా పారిస్‌లో కంసాలి కావచ్చు అంటుంది. పని తెలిసినవాడు. ఎక్కడ తెలుసుకోవాలి? పదేళ్ళు ఎవరి దగ్గరైనా ఉండి. వాళ్ళు ఒక్కణ్ణే తీసుకుంటారు. తలుపు తెరిచే ఉంది కానీ మెట్లు తక్కువ.

లండన్‌లో దారి వేరు. అక్కడ షాపు పెట్టి చిల్లరగా అమ్ముకోవాలంటే నగర హక్కు కావాలి. దానికి మూడు దార్లు: అప్రెంటిస్‌గా కాలం పూర్తిచేయడం, తండ్రికి ఆ హక్కు ఉండటం, లేదా డబ్బు కట్టడం. 1319లో రెండో ఎడ్వర్డ్ ఇచ్చిన పత్రంతో ఇంకొక ముడి పడింది. బయటివాడు ఎవరైనా నగర హక్కు కావాలంటే, అతను ఏ వృత్తి చేస్తాడో ఆ వృత్తిలోని ఆరుగురు పెద్దమనుషులు హామీ ఉండాలి. ఆరుగురు పోటీదారులు నీకు హామీ ఉండాలి అన్నమాట! నీ షాపు తెరిస్తే ఎవరి బేరం తగ్గుతుందో వాళ్ళే సంతకం పెట్టాలి.

ఆడవాళ్ళ సంగతి అడుగుతారని తెలుసు. భర్త చనిపోతే భార్య షాపు నడుపుకోవచ్చు, అప్రెంటిస్‌లని కొనసాగించవచ్చు. అంటే ఆమెకి పని, వ్యాపారం రెండూ తెలుసని సంఘం ఒప్పుకున్నట్టే. అయినా వార్డెన్ మాత్రం కాలేదు.

విదేశీ పనివాళ్ళు, ఫ్లాండర్స్ నుంచి, జర్మన్ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. కొందరి పని లండన్ వాళ్ళ కంటే బాగుండేది. వాళ్ళు సొంత ఊరి నుంచి మంచివాడనే ఉత్తరం తెచ్చుకుని, రుసుము కట్టి, సంఘం కింద పని చేయాలి. ఇష్టం లేనివాళ్ళు ఏం చేశారు? నది దాటి సదర్క్‌లో ఉన్నారు, లేదా వెస్ట్‌మిన్‌స్టర్‌లో, లేదా ఊరి నడిబొడ్డునే ఉన్న సెయింట్ మార్టిన్ లె గ్రాండ్ అనే చర్చి ఆవరణలో ఉన్నారు. ఆ ఆవరణ మీద నగరానికి అధికారం లేదు. వార్డెన్లు లోపలికి వెళ్ళి సోదా చేయడం కష్టం. చీప్‌సైడ్ నుంచి అక్కడికి నాలుగడుగులు! నకిలీ నగలకి ఆ చోటు ఎంత పేరు పడిందంటే, సెయింట్ మార్టిన్ సరుకు అంటే చవక నగ అని అర్థం వచ్చేసింది. గిల్డు అధికారం ఎంత గొప్పగా రాసుకున్నా, దాని హద్దు ఒక గోడ దగ్గర ఆగిపోయేది.

మరి ధరలు?

చాలామంది గిల్డు అంటే ధరలు ఫిక్స్ చేసే ముఠా అనుకుంటారు. కంసాలుల విషయంలో చూడండి, వెండి ధరని గిల్డు ఎలా నిర్ణయిస్తుంది? వెండంటే డబ్బే. టంకశాలలో ఏ రేటుకి వెండి తీసుకుంటున్నారో దాన్నిబట్టే ధర. గిన్నె ధరలో పెద్ద భాగం లోహమే. మిగిలింది మజూరీ. ఆ మజూరీ మీద గిల్డు పట్టు ఎలా వచ్చిందంటే, రేటు చీటీ రాసి కాదు. షాపులెన్ని, చేతులెన్ని, రాత్రి పని ఉందా లేదా, పక్కవాడి పనివాణ్ణి ఎక్కువ జీతమిచ్చి లాక్కోవచ్చా కూడదా, వీటి ద్వారా. పనివాళ్ళు తక్కువుంటే మజూరీ దానంతటదే నిలబడుతుంది. ధర అనే మాట ఎక్కడా పలకకుండా ధరని నిలబెట్టడం.

నేరుగా ధరల అదుపు ఎక్కడుందంటే రొట్టెల్లో. అది గిల్డు చేసింది కాదు, రాజు, నగరం చేశారు. పదమూడో శతాబ్దపు రొట్టె చట్టంలో తమాషా ఏంటంటే ధర మారదు, బరువు మారుతుంది. అర్ధ పెన్నీలో సగం, ఫార్తింగ్ అంటారు, ఫార్తింగ్‌కి ఒక రొట్టె. క్వార్టర్ అనే పాత కొలతకి గోధుమలు 12 పెన్నీలుంటే ఆ తెల్ల రొట్టె 6 పౌండ్ల 16 షిల్లింగుల నాణేలంత తూగాలి, మన లెక్కలో రెండు కిలోల నాలుగొందల గ్రాముల దాకా. గోధుమలు 24 పెన్నీలకి పెరిగితే రొట్టె సరిగ్గా సగం బరువు. బీదవాడి చేతిలో ఉన్నది ఆ ఒక్క నాణెమే, అది మారదు, కడుపు మాత్రం సగమే నిండుతుంది. తూకం తగ్గించిన రొట్టెలవాడికి అవమానకరమైన శిక్షలుండేవి.

1327లో లండన్‌లో జాన్ బ్రిడ్ అనే రొట్టెలవాడి కేసు ఒకటుంది, ఇది చెప్పకపోతే మనసొప్పదు. ఇరుగుపొరుగువాళ్ళు ఇంట్లో పిండి కలిపి, కాల్చడానికి అతని దగ్గరికి తెచ్చేవాళ్ళు. అతను పిండి ఒత్తే బల్లకి ఒక కన్నం చేయించి, ఎలుకల బోను మూతలాంటి తలుపు పెట్టాడు. బల్ల కింద ఇంట్లో మనిషి ఒకడు కూర్చుంటాడు. పైన పిండి పెట్టగానే కింద నుంచి కొంచెం కొంచెంగా లాగేస్తాడు. పిండి తెచ్చినావిడ ఎదురుగానే నిలబడి ఉంటుంది, ఆవిడకేం తెలియదు. ఇంకొందరు కూడా ఇలాగే దొరికారు. బల్ల కింద పిండి దొరికినవాళ్ళని, ఆ పిండిని మెడలో వేలాడదీసి బొండకొయ్యలో నిలబెట్టారు, సాయంత్రం చర్చి ప్రార్థన అయ్యే దాకా. ఇక్కడ శిక్షించింది నగరం, వాళ్ళ సంఘం కాదు. కంసాలుల దగ్గర తేడా అదే, పట్టుకునేదీ శిక్ష మొదలుపెట్టేదీ తోటి కంసాలే. పారిస్‌లోనూ ముగ్గురు పెద్దమనుషులు తోటివాడికి ముందు చెప్పి చూసేవాళ్ళు. మారకపోతే నగరాధికారి దగ్గరికి తీసుకెళ్తే, నాలుగేళ్ళో ఆరేళ్ళో ఊరి నుంచి బహిష్కరించేవాడు.

వార్డెన్‌ని ఎవరు చూస్తారు

ఇక చివరి ముక్క. తోటివాడే తనిఖీ చేస్తే తోటివాణ్ణి వదిలేయడా? ఈ ప్రశ్న వాళ్ళకీ వచ్చింది. చిరుతపులి తల ముద్ర కొట్టింది వార్డెన్లని తెలుసు, కానీ ఎవరి గిన్నె, ఎవరు ముద్ర వేశారు? 1363లో మొదటి సగానికి జవాబు దొరికింది. ప్రతి మాస్టర్‌కీ సొంత గుర్తు ఉండాలని చట్టం వచ్చింది. గిన్నె నాసిరకమైతే చేసినవాడు దొరుకుతాడు. రెండో సగానికి ఇంకో నూటపదిహేనేళ్ళు పట్టింది. 1478లో సంఘం జీతానికి ఒక పరీక్షకుణ్ణి పెట్టుకుంది. షాపు షాపుకీ తిరగడం తగ్గించి, వస్తువుల్నే సంఘం హాలుకి తెమ్మంది. హాలులో కొట్టే మార్కు కాబట్టి హాల్‌మార్క్, మన 916 నగల మీద చూసే మాట అక్కడిదే. దాంతో పాటు ఒక అక్షరం కూడా కొట్టడం మొదలుపెట్టారు. ఏడాదికో అక్షరం. మే 19న, కంసాలుల ఇలవేల్పులాంటి సెయింట్ డన్‌స్టన్ పండగ రోజున, కొత్త వార్డెన్లు రాగానే అక్షరం మారుతుంది.

ఆ అక్షరం ఇప్పుడు పాత సామాన్ల వయసు చెప్పడానికి పనికొస్తోంది. అప్పుడు పెట్టింది అందుకు కాదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక గిన్నె వెండి తక్కువని తేలితే, అక్షరం చూస్తే ఆ ఏడాది ముద్ర బాధ్యత ఎవరిదో తెలిసిపోతుంది. ముద్ర వేసినవాడు కూడా జవాబు చెప్పాలి. తనిఖీ చేసేవాణ్ణి తనిఖీ చేసే గుర్తు. నియమాలన్నిట్లోనూ ఇదొక్కటే, లోపలివాళ్ళు తమ మీద తామే పెట్టుకున్నది.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక శ్రోత: మరి సభ్యత్వం విషయంలో అలాంటి అక్షరం ఏదీ లేదా? ఎవరిని ఎందుకు కాదన్నారో జవాబు చెప్పేది?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. లేదు. గిన్నెని కాదంటే కారణం తూకంలో ఉంటుంది, పూసని మళ్ళీ తూచమనొచ్చు. మనిషిని కాదంటే తూచేది ఏమీ లేదు. హామీ ఉండటానికి ఆరుగురు ముందుకి రాలేదంటే అంతే, ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. అలా వెనక్కి వెళ్ళినవాళ్ళే కొందరు సదర్క్‌లో, సెయింట్ మార్టిన్ ఆవరణలో కొలిమి పెట్టుకున్నారు. అక్కడున్న వాళ్ళంతా దొంగలు కారు, తలుపు తెరుచుకోనివాళ్ళు కూడా ఉన్నారు.